పొట్టకు తగిన చొక్కా

పొట్ట ఉన్న మగవాడికి చొక్కా రెండు రకాలుగా చెడుతుంది. గుండీల దగ్గర గుడ్డ బిగిసి, గుండీకీ గుండీకీ మధ్య సందు తెరుచుకుని లోపలి బనియన్ కనిపించడం మొదటి రకం. ఆ ఇబ్బంది తప్పించుకోవాలని రెండు సైజులు పెద్దది కొంటే భుజాలు కిందికి జారి, పొట్టి చేతులు మోచేతి దాకా వచ్చి, చంక దగ్గర మొదలైన వెడల్పు కింది అంచు వరకు పెరుగుతూ పోయి చొక్కా డేరాలా నిలబడటం రెండో రకం. చాలామంది ఏళ్ల తరబడి ఈ రెండింటి మధ్యే తిరుగుతుంటారు. లోపం ఒంట్లో లేదు, సైజుల లెక్కలో ఉంది.

దుకాణంలో దొరికే ఫార్మల్ చొక్కా కాలరు మీద 39, 40, 42, 44 అని ఉండే అంకె చాలా కంపెనీల్లో మెడ చుట్టుకొలత, అదీ సెంటీమీటర్లలో. ఆ ఒక్క అంకె పెరిగితే మెడతో పాటు ఛాతీ, భుజం, చేతి వెడల్పు, పొడవు అన్నీ ఒక వరుసలో పెరుగుతాయి. మనిషి ఒళ్లు అలా పెరగదు. మన ప్రాంతంలో నలభై దాటిన మగవాళ్లలో ఎక్కువగా కనిపించే తీరు వేరు. భుజాలు, చేతులు, మెడ యవ్వనంలో ఉన్నట్టే ఉంటాయి, పిరుదులు కూడా పెద్దగా మారవు, పొట్ట ఒక్కటే ముందుకు వస్తుంది. ఆ పొట్ట కోసం సైజు పెంచితే అవసరం లేని చోటల్లా గుడ్డ చేరుతుంది. డేరా తయారయ్యేది అక్కడే.

చొక్కా ఒంటి మీద ఎలా నిలుస్తుందో కాస్త గమనిస్తే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది. చొక్కా బరువు మొత్తం భుజాల మీద వేలాడుతుంది. పొట్ట లేనివాడికి గుడ్డ భుజం నుంచి అంచు దాకా అడ్డు లేకుండా దిగుతుంది. పొట్ట ఉన్నవాడికి ముందు వైపు రెండో ఆధారం ఒకటి ఏర్పడుతుంది, అది పొట్ట కొస. గుడ్డ ఛాతీ మీద నుంచి జారి వచ్చి ఆ కొస మీద ఆగి, అక్కడి నుంచి తెరలా నిట్టనిలువుగా కిందికి పడుతుంది. పొట్ట కింద ఒళ్లు మళ్లీ లోపలికి వెళ్లినా తెర వెళ్లదు. పక్క నుంచి చూసేవాళ్ల కంటికి ఆ తెర వెనక ఉన్నదంతా పొట్టే అనిపిస్తుంది. తెర ఎంత పొడుగైతే, కింద ఎంత వెడల్పైతే మనిషి అంత లావుగా కనిపిస్తాడు. కాబట్టి చేయవలసిన పని పొట్టను కప్పేయడం కాదు. భుజాలను కచ్చితంగా పట్టించడం, పొట్ట దగ్గర చాలినంత చోటివ్వడం, పొట్ట దాటాక గుడ్డను మళ్లీ లోపలికి తేవడం. ఈ మూడింటిలో మూడోదాన్నే దర్జీలు, తొడుక్కునేవాళ్లు కూడా ఎక్కువగా మరిచిపోతారు.

భుజం కుట్టు భుజపుటెముక చివర పడాలి. వేలితో తడిమితే భుజం మీద ఎముక ఎక్కడ అయిపోతుందో తెలుస్తుంది. కుట్టు అక్కడి నుంచి ఒక అంగుళం కిందికి జారినా భుజాలు వాలిపోయినట్టు ఉంటాయి, ఆ వాలు పొట్ట వైపే చూపును నడిపిస్తుంది. కుట్టు సరైన చోట ఉంటే పైభాగానికి ఒక చట్రం ఏర్పడి, కింద పొట్ట ఉన్నా మొత్తం ఆకారం సర్దుకుంటుంది. రెడీమేడ్ చొక్కాలో పక్కలు బిగించవచ్చు, చేతులు పొట్టి చేయవచ్చు, కానీ భుజం తగ్గించాలంటే చేతులు విప్పి, చంక గుండ్రం మళ్లీ కత్తిరించి, తిరిగి అతకాలి. ఆ పని బాగా చేసేవాళ్లు తక్కువ. అందుకే కొనేటప్పుడు ముందుగా భుజం చూసి, తర్వాతే పొట్ట దగ్గర గుండీలు పెట్టి చూడాలి.

చంక గుండ్రం కూడా భుజంతో కలిపి చూడవలసిందే. చంక కింద గుడ్డ ఎక్కువగా వేలాడితే సుఖంగా ఉంటుందని ఒక నమ్మకం ఉంది. నిజానికి చంక ఎంత కిందికి కోస్తే, చెయ్యి ఎత్తినప్పుడు చొక్కా అంత పైకి లేస్తుంది. బస్సులో పై కడ్డీ పట్టుకుని నిలబడ్డ మనిషి పొట్ట బయటపడేది చొక్కా పొట్టిదైనందువల్ల మాత్రమే కాదు, చంక లోతుగా కోసినందువల్ల కూడా. చంక కొంచెం ఎత్తులో ఉంటే చెయ్యి ఆడినా చొక్కా కదలదు.

రెడీమేడ్ లో స్లిమ్ ఫిట్ జోలికి పోనక్కర్లేదు. అది నడుము దగ్గర లోపలికి కోసిన చొక్కా, సరిగ్గా గుడ్డ కావలసిన చోటే తగ్గించినది. భుజాలకు సరిపోయే సైజులో రెగ్యులర్ ఫిట్ గానీ, కొన్ని కంపెనీలు కంఫర్ట్ ఫిట్ అని అమ్మేది గానీ తొడిగి చూడాలి. ఛాతీ కొలత కంటే పొట్ట కొలత ఒకటి రెండు అంగుళాలే ఎక్కువ ఉన్నవాళ్లకు ఇందులో సరిపోతుంది. తేడా మూడు అంగుళాలు దాటితే మాత్రం రెడీమేడ్ లో వెతుక్కుంటూ తిరగడం కంటే గుడ్డ కొని కుట్టించుకోవడమే మేలు. ఇప్పటికీ మన ఊళ్లలో దర్జీ దుకాణాలు ఉండటం ఈ విషయంలో నిజమైన అదృష్టం.

కుట్టించుకున్నా చొక్కా చెడడానికి ఒక కారణం ఉంది. ఆది చొక్కా ఇచ్చి వచ్చేయడం. ఆది ఎప్పుడో నాలుగేళ్ల కిందటిదై ఉంటుంది, అప్పటి పొట్టకు కుట్టినది. దర్జీ టేపుతో కొలిచినా ఛాతీ, భుజం, పొడవు, చెయ్యి, మెడ రాసుకుని, పొట్ట దగ్గర మాత్రం కంటితో అంచనా వేసి కాస్త లూజు పెడతాడు. పొట్ట కొలత విడిగా తీయమని అడగాలి. ప్యాంటు బెల్టు దగ్గర కొలిస్తే పనికిరాదు, చాలామందికి బెల్టు పొట్ట కింద ఉంటుంది. టేపు పొట్ట అన్నిటికంటే ముందుకు వచ్చిన చోట, బొడ్డుకు కాస్త పైనో కిందో, నేలకు సమాంతరంగా చుట్టాలి. ఊపిరి బిగబట్టకూడదు. టేపు చూడగానే పొట్ట లోపలికి పోవడం అందరికీ అలవాటే, దర్జీతో ఏదో ఒకటి మాట్లాడుతూ ఉంటే అది దానంతటదే వదులవుతుంది. తర్వాత కుర్చీలో కూర్చుని అదే చోట మళ్లీ కొలవాలి. కూర్చున్నప్పుడు పొట్ట రెండు అంగుళాల వరకు పెరగవచ్చు. గుండీల మధ్య సందు తెరుచుకునేది నిలబడ్డప్పుడు కాదు, ఆఫీసు కుర్చీలోనో, భోజనాల బల్ల దగ్గరో.

ఒక ఉదాహరణతో చూస్తే లెక్క తేలికగా తెలుస్తుంది. ఐదడుగుల ఏడంగుళాల మనిషి అనుకుందాం. ఛాతీ 40 అంగుళాలు, భుజం ఈ చివర నుంచి ఆ చివరకు 17½, పొట్ట నిలబడితే 43, కూర్చుంటే 45, పిరుదుల దగ్గర 41. దుకాణంలో ఇతనికి భుజాలు సరిపోయే సైజు 40. ఆ చొక్కా పొట్ట దగ్గర చుట్టూ సుమారు 43 అంగుళాలే ఉంటుంది, అంటే ఒంటి కొలతంత, లూజు బొత్తిగా లేదు. కూర్చుంటే చాలదు. పొట్టకు హాయిగా ఉండే సైజు 44. అందులో భుజం రెండు అంగుళాలు ఎక్కువ, అంటే ఒక్కో వైపు అంగుళం జారుతుంది. ఛాతీ దగ్గర ఏడెనిమిది అంగుళాల గుడ్డ ఊరికే ఉంటుంది.

ఇదే మనిషికి కుట్టే చొక్కాలో ఛాతీ దగ్గర నాలుగు అంగుళాల లూజు ఇచ్చి 44 చేస్తారు. వెనక భాగం 22, ముందు రెండు పక్కలూ కలిపి 22. ఇంతవరకు మామూలు చొక్కానే. పొట్ట దగ్గర మొత్తం 46½ కావాలి. అంటే నిలబడ్డ కొలత మీద మూడున్నర, కూర్చున్న కొలత మీద ఒకటిన్నర అంగుళాలు ఎక్కువ. ఈ పెరిగే గుడ్డను ముందుకూ వెనక్కూ సమానంగా పంచితే తప్పు జరుగుతుంది. పొట్ట ముందు ఉంది, వీపున లేదు. పైగా పొట్ట బరువును ఆపుకోవడానికి మనిషి కొంచెం వెనక్కి వంగి నిలబడతాడు, నడుము వెనక గుంట పడుతుంది. అక్కడ అదనపు గుడ్డ ఉంటే ముడతలుగా పోగుపడుతుంది. అందుకని వెనక భాగాన్ని నడుము దగ్గర 21కి తగ్గించి, ముందు భాగాన్ని 25½కి పెంచాలి. వెనక తగ్గించే ఆ అంగుళాన్ని నడుముకు రెండు వైపులా నిలువుగా అరంగుళం చొప్పున రెండు డార్టులు పెట్టి తీస్తే వీపు మీద గుడ్డ చక్కగా కూర్చుంటుంది.

ముందు పెరిగే మూడున్నర అంగుళాలు పక్క కుట్ల దగ్గర చేరతాయి, ఒక్కో పక్క ఒకటిముప్పావు. గుండీల పట్టీ మాత్రం నిలువుగా తిన్నగానే ఉంచాలి, లేకపోతే చారల గుడ్డ మీద చారలు వంకర పోతాయి. పక్క కుట్టు చంక నుంచి ఏటవాలుగా బయటికి వచ్చి, పొట్ట ఎత్తైన చోట, చంకకు సుమారు ఎనిమిది అంగుళాల కింద, అన్నిటికంటే వెడల్పుగా ఉండి, అక్కడి నుంచి మళ్లీ లోపలికి రావాలి. కింది అంచు దగ్గర మొత్తం 45 చాలు. పిరుదుల కొలత 41 కాబట్టి ఇంకా నాలుగు అంగుళాల లూజు ఉంది. చూడటానికి ఒకటిన్నర అంగుళాల తేడానే, కానీ పక్క నుంచి కనిపించే ఆ తెర ఒంటి వైపు తిరిగేది దానివల్లే. దర్జీకి ఒక్క మాటే చెప్పాల్సి వస్తే, పొట్ట దాటాక కింద వెడల్పు తగ్గించమన్న మాటే చెప్పాలి.

ముందు వైపు గుడ్డ సరిపోయిందా లేదా అన్నది పక్క కుట్టే చెబుతుంది. చొక్కా తొడుక్కుని పక్కకు తిరిగి అద్దంలో చూస్తే ఆ కుట్టు చంక నుంచి నేల వైపు నిట్టనిలువుగా దిగాలి. నడుము దగ్గర ముందుకు లాగినట్టు వంగితే ముందు భాగంలో గుడ్డ చాలలేదని, అది వెనక నుంచి అరువు తెచ్చుకుంటోందని అర్థం. గుండీ చుట్టూ నాలుగు వైపులా ముడతలు గీతల్లా లాగుతున్నా అదే జబ్బు.

పొట్ట వెడల్పును మాత్రమే కాదు, పొడవును కూడా తింటుంది. గుడ్డ పొట్ట మీద ఎక్కి దిగాలి కనుక ముందు అంచు వెనక అంచు కంటే పైకి లేచిపోతుంది. తొడుక్కున్న మనిషికి ఇది కనబడదు, ఎదుటివాళ్లకు వెంటనే కనబడుతుంది. దీనికి ముందు భాగాన్ని మధ్యలో ముప్పావు నుంచి అంగుళం వరకు పొడుగ్గా కత్తిరించి, పక్క కుట్టు దగ్గరికి వచ్చేసరికి ఆ అదనం లేకుండా కలిపేయాలి. నేల మీద పరిచినప్పుడు ముందు అంచు కొంచెం బొద్దుగా కిందికి దిగినట్టుంటుంది, తొడుక్కుంటే తిన్నగా నిలుస్తుంది. చేయి తిరిగిన దర్జీకి ఇది చెప్పనవసరం లేదు. కొత్త దర్జీ అయితే ముందు ఒక కొలత, వెనక ఒక కొలత తీయమనాలి. మెడ పక్క నుంచి పొట్ట మీదుగా ఒకటి, మెడ వెనక నుంచి వీపు మీదుగా ఇంకొకటి.

పొట్టను దాచాలన్న ఆత్రంలో పొడవు పెంచడమే అన్నిటికంటే పెద్ద పొరపాటు. బయటికి వదిలి వేసుకునే చొక్కా ప్యాంటు జిప్పు సగానికి, వెనక జేబు సగానికి వచ్చి ఆగాలి. పైన చెప్పిన ఎత్తు మనిషికి మెడ వెనక నుంచి అది 28 అంగుళాల దగ్గర ఉంటుంది. తొడల దాకా దిగితే కాళ్లు పొట్టిగా, నడుము నుంచి పైభాగం పెట్టెలా కనబడుతుంది. మరీ పొట్టిదైనా కష్టమే. రెండు చేతులూ పైకెత్తి చూడాలి, బనియన్ గానీ పొట్ట గానీ కనబడకుండా బెల్టు అంచు దగ్గర అంచు ఆగితే ఆ పొడవు సరైనది. టక్ చేసుకునే చొక్కాకు మాత్రం 30, 31 అంగుళాలు కావాలి, లేకపోతే కూర్చుని లేచినప్పుడల్లా బయటికి వస్తుంది. ఒకే చొక్కాను రెండు విధాలా వాడదామని మధ్యస్థంగా కుట్టిస్తే రెండింటికీ కాకుండా పోతుంది.

బయటికి వదిలే చొక్కాకు కింది అంచు తిన్నగా ఉండి, పక్కల్లో రెండు అంగుళాల కట్లు ఉండటం పొట్ట ఉన్నవాళ్లకు ఎంతో అనుకూలం. కూర్చున్నప్పుడు ఆ కట్లు విచ్చుకుని చోటిస్తాయి, కాబట్టి అంచును ఇంకాస్త దగ్గరగా కుట్టవచ్చు. క్యూబా, మెక్సికో మగవాళ్లు వేసుకునే గుయాబెరా చొక్కా ఇదే పద్ధతి. తిన్నని అంచు, పక్క కట్లు, ముందు వైపు నిలువుగా దిగే సన్నని కుచ్చుల వరసలు, టక్ చేయకుండా పెళ్లిళ్లకు కూడా వేసుకునేంత మర్యాద. ఆ నిలువు కుచ్చులు గుడ్డకు కొంచెం బిగువునిచ్చి పొట్టకు అంటకుండా చూస్తాయి. మన దర్జీలు కూడా గుండీల పట్టీకి అటూ ఇటూ రెండేసి సన్న కుచ్చులు తేలిగ్గానే పెట్టగలరు. గుండ్రంగా పైకి కోసిన అంచు టక్ చేసుకోవడానికి పుట్టినది. బయటికి వదిలితే పక్కల్లో నడుము మడత కనిపించే ప్రమాదం ఉంది.

గుండీల ఎడం మామూలుగా మూడున్నర అంగుళాలు పెడతారు. పొట్ట ఎత్తైన చోట తప్పనిసరిగా ఒక గుండీ పడేలా ముందు దాని స్థానం గుర్తు పెట్టి, అక్కడి నుంచి పైకీ కిందికీ మూడు అంగుళాల చొప్పున మిగతావి కుట్టాలి. ఆ చోట రెండు గుండీల మధ్య ఖాళీ పడితే ఎంత లూజు ఇచ్చినా సందు తెరుచుకుంటుంది. రెడీమేడ్ చొక్కాలో గుండీలు జరపడం కుదరదు కాబట్టి, ఆ సందులో లోపలి వైపు ఒక చిన్న టిచ్ బటన్ కుట్టించుకుంటే బయటికి తెలియకుండా పని జరుగుతుంది.

జేబు సంగతి చిన్నదే కానీ నష్టం పెద్దది. ఎడమ జేబులో సెల్ ఫోను, దాని వెనక చిన్న డైరీ, నాలుగు కాగితాలు పెట్టుకుంటే ఆ బరువు చొక్కాను ముందుకు, కిందికి లాగి పొట్ట మీద వేలాడేస్తుంది. ఒక భుజం కుట్టు ముందుకు జరుగుతుంది, కాలరు వంకర పోతుంది. ఒక జేబు చాలు, అందులో పెన్నుకు మించి ఉండకపోతే మంచిది. మూతలున్న రెండు జేబులు ఛాతీకి అడ్డంగా గీత గీసి మనిషిని వెడల్పు చేస్తాయి. పొట్టి చేతుల చొక్కాలో చేతి అంచు మోచేతికీ భుజానికీ మధ్య ఆగి, కండకు చుట్టూ అంగుళం, అంగుళంన్నర లూజు మాత్రమే ఉండాలి. గంటలా విచ్చుకున్న చేతులు రెండు పక్కలా రెక్కల్లా నిలబడి డేరాను పూర్తి చేస్తాయి.

ఇక గుడ్డ. పొట్ట ఉన్నవాడికి ఒంటికి అంటుకునే గుడ్డ, కర్రలా నిలబడే గుడ్డ రెండూ శత్రువులే. టీ షర్టుల అల్లిక గుడ్డ, పలచని రేయాన్, సాగే దారం కలిపిన బిగుతు చొక్కాలు మొదటి జాతి. పొట్ట ఆకారమంతా, బొడ్డు గుంటతో సహా, అచ్చు గుద్దినట్టు చూపిస్తాయి. మందపాటి డెనిమ్, గంజి దట్టంగా పట్టించిన ఖద్దరు రెండో జాతి. కావలసింది వాటి మధ్య గుడ్డ. తన బరువుతో తాను కిందికి జారాలి, కానీ ఒంటి మీద వాలిపోకూడదు. నూలు గుడ్డల్లో చదరపు మీటరుకు 120 నుంచి 150 గ్రాముల బరువున్నవి ఈ పని బాగా చేస్తాయి. పాప్లిన్ లో కాస్త బరువైనది, మెత్తని ట్విల్, పలచని ఆక్స్‌ఫర్డ్ ఈ కోవలోకి వస్తాయి. దుకాణంలో బరువు అడిగితే చెప్పలేకపోవచ్చు, చేతితో చూడవచ్చు. గుడ్డ ఒక అంచును పిడికిలి మీద వేసి వదలాలి. మెత్తగా, గుండ్రటి మడతలతో కిందికి దిగితే సరే. పిడికిలి ఎముకలు గుడ్డ మీద తేలితే అది మరీ పలచన. మడతే పడకుండా పక్కకు నిలబడితే మరీ బిరుసు.

గంజి గురించి ప్రత్యేకంగా చెప్పాలి. తెల్ల ఖద్దరు చొక్కాకు గంజి పెట్టి ఇస్త్రీ చేయడం తెలుగు నాట హోదాకు గుర్తు. దట్టమైన గంజి గుడ్డను అట్టలా చేస్తుంది, పొట్ట కొస దగ్గర నుంచి అంచు బయటికి నిలబడిపోతుంది. అలాగని గంజి అసలే మానేస్తే సన్న నూలు పొందూరు ఖద్దరు లాంటి పలచని గుడ్డ చెమటకు ఒంటికి అతుక్కుంటుంది. గంజిలో నీళ్లు ఎక్కువ కలిపి పలచగా పెట్టి, కాలరుకు, గుండీల పట్టీకి మాత్రం మామూలుగా పట్టిస్తే రెండు చిక్కులూ తప్పుతాయి. మంగళగిరి నూలు గుడ్డ దగ్గర నేత వల్ల గంజి లేకుండానే కొంత నిలుస్తుంది, మూడు నాలుగు ఉతుకులు అయ్యాక ఇంకా బాగా జారుతుంది. లినెన్ వేసవికి హాయి, అయితే కూర్చుని లేచాక పొట్ట కింద అడ్డంగా మడతలు పడతాయి, అవి సరిగ్గా దాచాలనుకున్న చోటనే గీతలు గీస్తాయి. నూలు కలిపిన లినెన్ లో ఆ మడతలు తక్కువ.

మెరుపు మరో విషయం. పట్టు, శాటిన్ లాంటి గుడ్డ మీద వెలుతురు ఎత్తైన చోట పడి మెరుస్తుంది. పెళ్లిలో పట్టు చొక్కా వేసుకున్న పొట్ట మనిషి ఫోటోలో ఆ మెరుపు ఎప్పుడూ పొట్ట నడిమధ్యే ఉంటుంది. మెరుపు తక్కువ ఉన్న గరుకు పట్టు గానీ, పట్టు పంచె మీదికి లేత రంగు నూలు చొక్కా గానీ ఆ చిక్కు లేకుండా చేస్తాయి. పంచె కట్టేవాళ్లు ముడి పొట్ట నడిమికి కాకుండా కాస్త పక్కకు, పలచగా దోపుకుంటే చొక్కా మరో రెండంగుళాలు ముందుకు రాకుండా ఉంటుంది. లాల్చీకి కూడా పైన చెప్పిన కొలతలే, పక్క కట్లు మాత్రం పొట్ట కొస కంటే కిందనే మొదలవ్వాలి.

ముదురు రంగులు సన్నగా చూపిస్తాయనడానికి కారణం నీడ. తెల్ల చొక్కా మీద పొట్ట కింద పడే నీడ స్పష్టంగా కనిపించి, ఒంపు ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో చెప్పేస్తుంది. నీలం, బూడిద, ముదురు ఆకుపచ్చల మీద ఆ నీడ కలిసిపోతుంది. అయితే విజయవాడ ఎండలో లేత బూడిద, ఆకాశనీలం చొక్కాల మీద చెమట మరకలు ముందు కనిపిస్తాయి. అక్కడ తెలుపు గానీ బాగా ముదురు నీలం గానీ నయం.

అడ్డచారలు లావు చేస్తాయి, నిలువుచారలు సన్నబరుస్తాయి అన్న మాట అందరి నోటా ఉంది. జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్స్ 19వ శతాబ్దంలోనే దీనికి తలకిందులైన సంగతి గమనించాడు. అడ్డగీతలు నింపిన చదరం ఎత్తుగా, నిలువుగీతలు నింపిన చదరం వెడల్పుగా కనిపిస్తుంది. 2011లో యార్క్ విశ్వవిద్యాలయ పరిశోధకులు మనుషుల బొమ్మల మీద పరీక్షించినప్పుడు కూడా అడ్డచారలు లావుగా చూపలేదు. పొట్ట విషయంలో చారల దిక్కు కంటే అవి తిన్నగా నిలుస్తున్నాయా లేదా అన్నదే ముఖ్యం. చారలున్న చొక్కా బిగుతైతే నిలువు గీతలు పొట్ట దగ్గర విల్లులా బయటికి వంగుతాయి. పెద్ద గళ్ల చొక్కాలో అడ్డగీత పొట్ట మీద ఎక్కి దిగుతుంది. ఆ వంకర ఒంపును కొలిచి చూపించినట్టే. కాబట్టి సన్న చారలు, గుడ్డ రంగులోనే కలిసిపోయే చిన్న గళ్లు నిరపాయం. పెద్ద గళ్లు, వరుసగా పేర్చిన పువ్వుల అచ్చులు కష్టం. చెల్లాచెదురుగా ఉన్న చిన్న అచ్చు ఒంపును బాగానే కప్పుతుంది.

టక్ చేసుకునేవాళ్లకు చొక్కా ఎంత బాగున్నా ప్యాంటు సహకరించకపోతే ఫలితం లేదు. బెల్టు పొట్ట కిందికి దిగితే చొక్కా గుడ్డ పొట్ట మీద నుంచి బెల్టు మీదికి సంచిలా వాలుతుంది. ప్యాంటు బొడ్డు దగ్గరికి వచ్చేంత ఎత్తుగా కుట్టించి, ముందు ఒక్కో వైపు ఒక కుచ్చు పెట్టిస్తే పొట్ట ప్యాంటులోకి కొంత వెళ్లి ఒకే గీతగా దిగుతుంది. చొక్కా దోపాక పక్కల్లో మిగిలిన గుడ్డను పక్క కుట్టు దగ్గర పట్టుకుని వెనక్కి మడిచి బెల్టు బిగించాలి. ముందు వైపు తిన్నగా ఉంటుంది, మడత చెయ్యి కింద దాగిపోతుంది.

గుడ్డ దర్జీకి ఇచ్చే ముందు ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి, పిండకుండా ఆరేసి ఇవ్వడం పాత అలవాటు. అది ఇక్కడ బాగా అక్కరకొస్తుంది. నూలు గుడ్డ మొదటి ఉతుకులో నూటికి మూడు నుంచి ఐదు వంతుల దాకా కుంచించుకుపోవచ్చు. 28 అంగుళాల పొడవులో నాలుగు వంతులంటే అంగుళం పైనే, ముందు వైపు కలిపిన అదనమంతా అందులోనే పోతుంది. 58 అంగుళాల పన్నా గుడ్డలో పొడుగు చేతుల చొక్కాకు మామూలుగా 1.6 మీటర్ల బిట్టు అమ్ముతారు. గళ్లు కలిపి కుట్టాలన్నా, ముందు భాగం ఇంత వెడల్పు కావాలన్నా కాస్త ఎక్కువ తీసుకోవడం మంచిది. పక్క కుట్ల లోపల ఒక్కో వైపు ముప్పావు అంగుళం గుడ్డ వదలమని చెబితే పొట్ట పెరిగినా తగ్గినా రెండేళ్ల తర్వాత విప్పి సరిచేయించుకోవచ్చు.

ట్రయల్ కు వెళ్లినప్పుడు దుకాణం అద్దం ముందు నిలబడి మాత్రమే చూసి వస్తే సగం పరీక్షే అవుతుంది. దర్జీ స్టూలు మీద కూర్చుని గుండీల మధ్య చూసుకోవాలి. లేచి చేతులెత్తి బెల్టు కనబడుతోందా అన్నది చూడాలి. పక్కకు తిరిగి, కుట్టు నిలువుగా ఉందా, పొట్ట కింద అంచు ఒంటి వైపు వస్తోందా, ముందూ వెనకా అంచులు ఒకే ఎత్తులో ఉన్నాయా అన్నది వెంట వచ్చినవాళ్ల చేత చూపించుకోవాలి. తేడా ఏదైనా ఉంటే అప్పటికింకా కాజాలు కుట్టి ఉండకూడదు, అందుకే ట్రయల్ కాజాలకు ముందే పెట్టమని గుడ్డ ఇచ్చేరోజే చెప్పి రావాలి.